బీట్‌రూట్ రసం, 1600 మీటర్లు: హనుమకొండ గ్రౌండులో ప్రాజెక్టు డైరీ

నవంబరు మొదటి వారం: రసం కంటే ముందు లెక్క

తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం మగ అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడ అభ్యర్థులు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. తెల్లారగట్ల ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వచ్చే పిల్లల్లో చాలామంది ఉరికేది ఈ అంకెల కోసమే. వాళ్ల మధ్య ఇప్పుడు బీట్‌రూట్ మాట బాగా నడుస్తోంది. పరుగుకు ముందు జూస్ బండి దగ్గర ఒక గ్లాసు తాగితే దమ్ము పెరుగుతుందని ఒకరు, అంతా ఉత్తదేనని ఇంకొకరు. బీట్‌రూట్‌లో దమ్ము పెంచేదని చెప్పే పదార్థం నైట్రేట్. అది ఒక గ్లాసులో ఎంత ఉంటుంది, రసాన్ని ఎప్పుడు తాగాలి, తాగితే ఎన్ని సెకన్లు తగ్గుతాయి అన్నవి తేల్చడమే ఈ ప్రాజెక్టు పని.

సెకన్ల లెక్కతోనే మొదలుపెట్టాం. ఎందుకంటే ఎవరికి ఈ రసం అక్కరలేదో అక్కడే తెలిసిపోతుంది. 7:15 అంటే 435 సెకన్లు. సాధన బాగా ఉన్న మామూలు ఆటగాళ్లకు నైట్రేట్ వల్ల పోటీ సమయం తగ్గితే ఒక శాతం, మహా అయితే రెండు మూడు శాతం తగ్గుతుంది. కొందరికి ఏమీ తగ్గదు. ఒక శాతం అంటే ఇక్కడ నాలుగు సెకన్ల పైచిలుకు. 7:20 దగ్గర ఆగిపోయిన అభ్యర్థికి ఆ నాలుగు సెకన్లు ఉద్యోగమంత విలువైనవి. 8 నిమిషాల్లో ఉరికే అభ్యర్థి తగ్గించుకోవాల్సింది 45 సెకన్లు, అంటే తొమ్మిది శాతం పైనే. ఆ పని ఏ రసమూ చేయదు, రెండు మూడు నెలల పరుగే చేయాలి. అందుకే 7:30 దాటినవాళ్లను ఈ ప్రయోగంలోకి తీసుకోలేదు.

మరి బీట్‌రూట్ రసంతో ఓర్పు "16 శాతం పెరిగింది" అని వినిపించే మాట ఎక్కడిది? అది అబద్ధమేమీ కాదు. 2009లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జోన్స్ బృందం ఎనిమిది మంది మగవాళ్లకు కొన్ని రోజుల పాటు రోజూ అర లీటరు బీట్‌రూట్ రసం ఇచ్చింది. తర్వాత వాళ్ల చేత స్థిరమైన సైకిలును గట్టి భారం మీద, ఇక తొక్కలేమనేదాకా తొక్కించింది. 583 సెకన్ల దగ్గర ఆగిపోయినవాళ్లు సగటున 675 సెకన్ల దాకా తొక్కగలిగారు. కానీ అది ఒకే భారం మీద ఎంతసేపు ఓర్చుకున్నారన్న కొలత. అలసట అంచున శక్తి ఖర్చు కాస్త తగ్గినా ఓర్చుకునే సమయం చాలా సాగుతుంది. దూరం ముందే ఖాయమైన పోటీలో అదే మేలు ఒకటి రెండు శాతంగా బయటపడుతుంది. 16 శాతాన్ని 1600 మీటర్లకు అంటగట్టి 70 సెకన్లు తగ్గుతాయని ఎవరైనా చెబితే, వాళ్లు రెండు వేర్వేరు కొలతలను కలిపేశారని అర్థం.

నవంబరు రెండో వారం: జూస్ బండి గ్లాసులో ఎంత?

పని చేసే మోతాదు మీద పరిశోధకుల మాట దాదాపు ఒకటే. పరుగుకు రెండు మూడు గంటల ముందు సుమారు 310 నుంచి 560 మిల్లీగ్రాముల నైట్రేట్ ఒంట్లోకి పోవాలి. 2013లో ఎక్సెటర్ బృందమే మూడు మోతాదులను పోల్చింది. సుమారు 260 మిల్లీగ్రాములకు ఓర్పులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 520 దగ్గర వచ్చింది. దానికి రెట్టింపు ఇస్తే అదనంగా ఒరిగిందేమీ లేదు. కాబట్టి మా లక్ష్యం 400కు అటూ ఇటూ. ఎక్కువ తాగితే ఎక్కువ మేలు అనే లెక్క ఇక్కడ నడవదు.

గడ్డలో నైట్రేట్ ఒక తీరుగా ఉండదు. నేల, యూరియా, పంట కాలంలో ఎండ, ఇవన్నీ దాన్ని మారుస్తాయి. కిలోకు వెయ్యి మిల్లీగ్రాముల నుంచి రెండున్నర వేల దాకా ఉండటం మామూలే, అంతకు తక్కువా ఎక్కువా కూడా ఉంటుంది. కిలోకు 1500 అనుకొని బండి మీది ఏబీసీ జూస్‌ను లెక్కగట్టాం. ఆపిల్, క్యారెట్ పోను ఒక గ్లాసులో పడే బీట్‌రూట్ సగం గడ్డ, 80 గ్రాములు అనుకుందాం. అందులో ఉండేది 120 మిల్లీగ్రాములు. వడగట్టినప్పుడు పిప్పిలో కొంత పోతుంది. మేము పెట్టుకున్న 400లో ఇది మూడో వంతు కూడా కాదు. బండి జూస్ తాగి "నాకేమీ తేడా తెలువలే" అన్న పిల్లలు నిజమే చెబుతున్నారు.

నవంబరు మూడో వారం: రసం తీయడం, పట్టీతో కొలవడం

గడ్డలు లక్ష్మీపురం మార్కెట్లో ఒకే కుప్ప నుంచి తీసుకున్నాం. రోజుకో చోట కొంటే రోజుకో మోతాదు అవుతుంది. ఒక బ్యాచ్‌కు అర కిలో గడ్డలు. తొక్క తీశాక సుమారు 430 గ్రాములు మిగులుతాయి. చిన్న ముక్కలుగా కోసి, 100 మిల్లీలీటర్ల ఫిల్టర్ నీళ్లతో మిక్సీ పట్టి, పలచటి నూలు గుడ్డలో వేసి గట్టిగా పిండితే 350 మిల్లీలీటర్ల దాకా రసం వస్తుంది. గుడ్డలో మిగిలిన పిప్పి ఇంకా తడిగా, ముదురు ఎరుపులో ఉంటే నైట్రేట్ అందులోనే ఆగిపోయినట్టు. కొద్దిగా నీళ్లు చల్లి మళ్లీ పిండాలి. ముక్కలను కుక్కర్లో ఉడికించి నీళ్లు పారబోస్తే నైట్రేట్ నీళ్లతోనే పోతుంది. వేడికి అది పాడవదు గానీ నీళ్లలోకి దిగిపోతుంది.

కొలవడానికి అక్వేరియం దుకాణాల్లో దొరికే నైట్రేట్ పట్టీలు చాలు. ఒకే పట్టీ మీద నైట్రేట్‌కు ఒక గడి, నైట్రైట్‌కు ఇంకో గడి ఉన్నవి తీసుకోవాలి. రెండో గడి అవసరం తర్వాత వస్తుంది. రసాన్ని నేరుగా పట్టీ మీద పోస్తే ఏమీ తెలియదు. నైట్రేట్ గడి గులాబీ రంగుకు తిరిగే గడి, బీట్‌రూట్ రంగూ గులాబీయే. పైగా చిక్కటి రసంలో నైట్రేట్ పట్టీ కొలవగల హద్దును దాటిపోతుంది. అందుకని 1 మిల్లీలీటరు రసాన్ని చిన్న సిరంజితో తీసి, 49 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపాం. అంటే 50 రెట్లు పలచన. దాంట్లో పట్టీ ముంచి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, రంగు చూసి, వచ్చిన అంకెను 50తో గుణించాలి. అదే నీళ్లలో మామూలు తెల్ల వడపోత కాగితం ముక్కను కూడా ముంచి పక్కన పెట్టుకోవాలి. కాగితానికి అంటిన గులాబీ ఛాయ గడ్డది, పట్టీ మీద అంతకు మించి వచ్చిందే నైట్రేట్‌ది.

ఇక్కడ రెండు చోట్ల లెక్క తప్పుతుంది. ఒకటి నీళ్లు. వరంగల్ చుట్టుపక్కల చాలా బోర్లలో నైట్రేట్ ఉంటుంది. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు, కొన్ని బోర్లు దాన్ని కూడా దాటుతాయి. అలాంటి నీళ్లతో పలచన చేసి 50తో గుణిస్తే, గడ్డలో లేని నైట్రేట్ కాగితం మీద రెండు వేలు ఎక్కువ కనిపిస్తుంది. ముందు ఒట్టి నీళ్లలో పట్టీ ముంచి, సున్నా వస్తేనే ఆ నీళ్లు వాడాలి. రెండోది డబ్బా మీది పేరు. కొన్ని పట్టీలు NO3 అని, కొన్ని NO3-N అని చూపిస్తాయి. NO3-N అంటే నత్రజని భాగం ఒక్కటే. దాన్ని 4.43తో గుణిస్తే గానీ నైట్రేట్ రాదు. ఇది చూసుకోకపోతే నాలుగింతల తేడాతో తాగుతారు.

మా బ్యాచ్‌కు పట్టీ రంగు 25, 50 గడుల నడుమ పడింది. అంటే లీటరుకు 1250 నుంచి 2500 మిల్లీగ్రాములు. పట్టీతో ఇంతకంటే కచ్చితంగా చెప్పలేం. 250 మిల్లీలీటర్లు తాగితే 312 నుంచి 625 మధ్య ఎక్కడో ఉంటుంది. కింది అంచు పట్టినా పని చేసే మోతాదే, పై అంచు పట్టినా కాస్తే ఎక్కువ. గ్లాసు కొలత 250గా ఖాయం చేశాం. పట్టీ 10 గడి దగ్గరే ఆగిన కుప్ప తగిలితే అదే మోతాదుకు ముప్పావు లీటరు పైగా తాగాలి. పరుగుకు ముందు అంత తాగినవాడు గీత దాకా కాదు, బాత్రూం దాకా ఉరుకుతాడు. అలాంటి గడ్డలు కూరకే మంచివి.

చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇంకొకటి. గడ్డలో ఎంతుందో తెలియనప్పుడు రసాయనంగానే కొని తూచుకోవచ్చు కదా అనే ఆలోచన వస్తుంది. అది చేయకూడదు. సోడియం నైట్రేట్, సోడియం నైట్రైట్ రెండూ చూపుకు తెల్లటి పొడులే. రెండోది కొద్ది గ్రాములతోనే ప్రాణం తీస్తుంది. ఎరువుల సంచీలోని నైట్రేట్ మాట ఎత్తనే వద్దు.

నవంబరు చివర: నిల్వ

పట్టీ మీది రెండో గడి ఇప్పుడు పనికొస్తుంది. తాజా రసంలో నైట్రైట్ దాదాపు ఉండదు. రసాన్ని బయట పెడితే అందులో పెరిగే బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చగలదు. ఆరు నెలల్లోపు పిల్లలకు ఇది నిజంగా ప్రమాదం, ఒళ్లు నీలం తిరుగుతుంది. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే ఈ రసం చుక్క కూడా పట్టకూడదు.

మా పద్ధతి ఇది. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజులోపు తాగేయాలి. వారానికి సరిపడా చేస్తే 250 మిల్లీలీటర్ల డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్లో గడ్డ కట్టించాలి. ముందు రోజు రాత్రి ఒక డబ్బా కింది అరలోకి దించితే తెల్లారేసరికి కరుగుతుంది. అనుమానం ఉంటే పది రెట్లు పలచన చేసి నైట్రైట్ గడి చూడాలి. కాగితం ముక్క కంటే ముదురు రంగు వచ్చిందంటే పారబోయడమే. నవంబరు చలిలో బయట పెట్టినా వాసన మారకపోవచ్చు. కాబట్టి ముక్కును నమ్మొద్దు. ఏప్రిల్ ఎండల్లో అయితే సీసాలో పోసి గ్రౌండుకు తెచ్చే పద్ధతే వద్దు.

మట్టి వాసన పడనివాళ్లు నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసుకోవచ్చు, ఇబ్బంది లేదు.

డిసెంబరు మొదటి వారం: గంటల లెక్క, నోటి లెక్క

తాగిన నైట్రేట్ కడుపులోంచి రక్తంలోకి పోతుంది. అందులో నాలుగో వంతును లాలాజల గ్రంథులు పట్టుకొని మళ్లీ నోట్లోకి వదులుతాయి. నాలుక వెనుక భాగంలో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ ఉమ్మిని మింగితేనే నైట్రైట్ రక్తంలోకి చేరి, ఆక్సిజన్ తక్కువగా ఉన్న కండరంలో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. కండరం అదే పనిని కొంచెం తక్కువ ఆక్సిజన్‌తో చేస్తుంది. ఇంత చుట్టు తిరుగుడు ఉంది కాబట్టే రక్తంలో నైట్రైట్ గరిష్ఠానికి చేరడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. పరుగుకు పావుగంట ముందు గటగటా తాగినదానికి కడుపు బరువెక్కడం తప్ప ఫలితం లేదు.

ఈ దారిని నోట్లోనే తెగ్గొట్టవచ్చు. 2008లో లండన్‌లో చేసిన ఒక ప్రయోగంలో బీట్‌రూట్ రసం తాగించి, మూడు గంటలు ఉమ్మి మింగకుండా ఉమ్మేయమన్నారు. రక్తంలో నైట్రైట్ పెరగలేదు, బీపీ తగ్గలేదు. అదే సంవత్సరం ఇంకో ప్రయోగంలో క్రిములను చంపే మౌత్‌వాష్ పుక్కిలించినప్పుడు కూడా రక్తంలో నైట్రైట్ పెద్దగా పెరగలేదు. కాబట్టి క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడేవాళ్లు, గుట్కా నమిలి ఉమ్మేవాళ్లు ముందు అది మానాలి, లేదా రసం మానాలి. దంతవైద్యులు మౌత్‌వాష్ రాసి ఉంటే చికిత్సకే విలువ ఇవ్వాలి, రసం తర్వాత చూసుకోవచ్చు.

అభ్యర్థులకు అసలు చిక్కు సమయం దగ్గరే. సాధన పరుగు 6:30కు అయితే తెల్లవారుజామున 3:45కు తాగాలి. పరీక్ష రోజు ఇంకా కష్టం. పొద్దున్నే పిలుస్తారు, కాగితాలు చూస్తారు, ఎత్తు కొలుస్తారు, పరుగు ఎప్పుడొస్తుందో తెలియదు. దీనికి మేము పెట్టుకున్న పద్ధతి, పరీక్షకు ముందు ఐదు రోజులు రోజూ ఒక గ్లాసు, పరీక్ష రోజు పిలిచిన సమయానికి గంటన్నర ముందు చివరి గ్లాసు. నైట్రైట్ గరిష్ఠం దాటాక కూడా కొన్ని గంటలు మామూలు కంటే ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి పరుగు గంట ఆలస్యమైనా చేసిన పని వృథా కాదు.

ఆ ఐదు రోజులు మినహా రోజూ తాగడాన్ని మేము ప్రోత్సహించడం లేదు. నైట్రేట్‌కు రోజువారీ పరిమితి శరీర బరువు కిలోకు 3.7 మిల్లీగ్రాములుగా పెట్టారు. 60 కిలోల మనిషికి 222 మిల్లీగ్రాములు. మా గ్లాసు దాన్ని దాటుతుంది. పాలకూర, తోటకూర బాగా తినేవాళ్లు కూడా కొన్ని రోజులు దాటుతుంటారు, కూరగాయల్లోని నైట్రేట్‌తో అంత భయం అక్కరలేదు. అయినా నెలల తరబడి అవసరం లేని మోతాదు ఎందుకు?

డిసెంబరు: ఒక అభ్యర్థి, నాలుగు పరుగులు

62 కిలోలు, 7:20 దగ్గర ఆగిన అభ్యర్థి. వారానికి ఒక పరీక్ష పరుగు, అదే ట్రాక్, అదే గంట, ముందు రోజు విశ్రాంతి. మొదటి వారం రసం లేకుండా, తర్వాత రెండు వారాలు రసంతో, చివరి వారం మళ్లీ లేకుండా. ఇలా అమర్చింది, సాధన వల్ల వచ్చిన మెరుగు రసం ఖాతాలో పడకుండా. వచ్చిన సమయాలు: రసం లేకుండా 7:21, 7:16. రసంతో 7:14, 7:19.

సగటు తీస్తే రసం లేకుండా 438.5 సెకన్లు, రసంతో 436.5. రెండు సెకన్లు తగ్గింది, అర శాతం కంటే తక్కువ. కానీ రసం లేని రెండు పరుగుల మధ్యే ఐదు సెకన్ల తేడా ఉంది. నిద్ర, గాలి, చలి, పక్కన ఉరికేవాళ్లు, ఇవి తెచ్చే ఊగిసలాట మనం వెతుకుతున్న మేలు కంటే పెద్దది. 7:14 వచ్చిన రోజు గ్రౌండంతా "బీట్‌రూట్ పని చేసింది" అంది. 7:19 వచ్చిన రోజు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగు సెకన్ల మేలు నిజంగా ఉందని ఒక మనిషిలో చూపాలంటే డజను పైగా జతల పరుగులు కావాలి. పైగా తాగేవాడికి తాను తాగుతున్నది తెలుసు. ప్రయోగశాలల్లో దీనికోసం నైట్రేట్ మాత్రమే తీసేసిన బీట్‌రూట్ రసం ఇస్తారు, రంగూ రుచీ అవే ఉంటాయి. ఇంట్లో అది కుదరదు.

అదే అభ్యర్థి 7:21 పరుగులో చుట్ల సమయాలు చూస్తే ఇంకో సంగతి కనిపించింది: 1:36, 1:50, 1:58, 1:57. కావలసింది చుట్టుకు 1:48 చిల్లర. మొదటి చుట్టులోనే 12 సెకన్లు ముందుకు పోయి, చివరి రెండు చుట్లలో అప్పు తీర్చాడు. మొదటి చుట్టును 1:46కు పట్టి ఉంచడం మీద ఇప్పుడు పని నడుస్తోంది. మా అంచనాలో సెకన్లు ఎక్కువగా దొరికేది అక్కడే. రసం దాని తర్వాతి మాట.

జనవరి: ఎవరిని పక్కన పెట్టాం

కొత్తగా చేరాలన్నవాళ్లను ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతున్నాం. కిడ్నీలో రాయి వచ్చిందా అన్నది మొదటిది. బీట్‌రూట్‌లో ఆక్సలేట్ ఎక్కువ, రాళ్లలో ఎక్కువగా ఉండేది కాల్షియం ఆక్సలేటే. చెమట బాగా కార్చి నీళ్లు తక్కువ తాగే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. రాయి చరిత్ర ఉంటే రసం వద్దు. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లకూ వద్దు.

రెండోది బీపీ. ఈ రసం పై బీపీని సగటున నాలుగు పాయింట్ల దాకా తగ్గిస్తుంది. సహజంగా బీపీ తక్కువ ఉండి లేవగానే కళ్లు తిరిగేవాళ్లు, బీపీ గోళీలు వేసుకునేవాళ్లు, గుండె నొప్పికి నైట్రేట్ గోళీలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. గ్రౌండులో అభ్యర్థులతో పాటు పొద్దుటి నడకకు వచ్చే పెద్దలు కూడా ఒక గ్లాసు అడుగుతుంటారు. వాళ్లలో షుగరు ఉన్నవాళ్లకు ఇంకో మాట: 250 మిల్లీలీటర్ల రసంలో పీచు పోయి చక్కెర మిగులుతుంది, సుమారు 20 గ్రాములు.

మూడోది గ్యాస్ గోళీ. కడుపులోని ఆమ్లం కూడా నైట్రైట్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చే దారిలో ఒక భాగం. ఆమ్లాన్ని బాగా తగ్గించే గోళీ వేసుకున్నప్పుడు నైట్రైట్ వల్ల బీపీ తగ్గడం మందగించినట్టు పరిశోధనలో కనిపించింది. రోజూ పొద్దున పరగడుపున ఆ గోళీ మింగే అలవాటు ఉన్నవాళ్లకు మేలు తక్కువగా అందవచ్చు. రసం కోసం గోళీ మానేయమని మాత్రం చెప్పడం లేదు.

కడుపు ఉబ్బరం, తరచూ విరేచనాలయ్యే పేగుల ఇబ్బంది ఉన్నవాళ్లు సాధన రోజున 100 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి చూడాలి. పరీక్ష రోజు మొదటిసారి తాగడం ఎవరికీ వద్దు.

బాగా ముదిరిన ఆటగాళ్లకు కూడా ఫలితం తక్కువే కనిపిస్తోంది. వాళ్ల కండరాలకు ఆక్సిజన్ అందడంలో పెద్ద లోటు ఉండదు, కాబట్టి నైట్రేట్ సరిచేయడానికి మిగిలేది కొంచెమే. మేలు ఎక్కువగా కనబడేది ఐదు నుంచి ముప్పై నిమిషాల గట్టి శ్రమలో. గంట దాటే పరుగుకు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆడవాళ్ల మీద జరిగిన ప్రయోగాలు తక్కువ. 800 మీటర్ల అభ్యర్థులకు మగవాళ్ల అంకెలను యథాతథంగా చెప్పడం మానేశాం.

తాగిన మర్నాడు మూత్రం గులాబీగా వస్తే కొందరు భయపడి దవాఖానకు పోయారు. పదిమందిలో ఒకరికి అలా రావడం మామూలే, రసం ఆపితే రెండు రోజుల్లో పోతుంది. ఐరన్ తక్కువగా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ, కాబట్టి అలా వచ్చినవాళ్లు ఒకసారి హీమోగ్లోబిన్ చూపించుకుంటే మంచిది. గట్టి పరుగు తర్వాత కోలా రంగులో నల్లగా వచ్చి, తొడలు ముట్టుకుంటే నొప్పి పుడుతుంటే మాత్రం అది గడ్డ రంగు కాదు. కండరం దెబ్బతిన్న గుర్తు, ఆ రోజే దవాఖానకు పోవాలి. రసం తాగామన్న మాట కూడా అక్కడ చెప్పాలి, మూత్రం రంగు చూసి వాళ్లు పొరబడకుండా.